టీబీ మందులతో నా అనుభవం: నారింజ రంగు మూత్రానికి, కామెర్లకు తేడా తెలిసిన తీరు

టీబీ మందులు మొదలుపెట్టిన వాళ్లలో చాలామందికి మొదటి టెన్షన్ బాత్రూంలోనే పుడుతుంది. మాత్ర వేసుకున్న కొన్ని గంటలకే మూత్రం నారింజ రంగులో, ఒక్కోసారి ఎర్రగా వస్తుంది. నాకు ఆ కంగారు లేదు. మందులు చేతికిచ్చిన నర్స్ ముందే చెప్పింది: "రేపటి నుంచి మూత్రం రంగు మారుతుంది, భయపడకండి. కానీ కళ్లు పచ్చబడితే మాత్రం తర్వాతి డోసు వేసుకోకుండా అదే రోజు వచ్చెయ్యండి." అప్పుడు రెండూ వేర్వేరు విషయాలు కదా, కలగలిసే ప్రసక్తేముంది అనుకున్నాను. రెండో నెలలో అవి నిజంగానే కలగలిశాయి. ఇది రాయడానికి కారణం కూడా అదే.

నాకు వచ్చింది ఊపిరితిత్తుల టీబీ. ఎక్స్‌రేలో ఒక పక్క చిన్న భాగంలోనే కనిపించింది. రొటీన్‌గా ఇచ్చే నాలుగు మందులే నాకూ ఇచ్చారు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. నాలుగూ కలిపి ఒకే మాత్రగా తయారుచేసినవి. మన బరువును బట్టి రోజుకు ఎన్ని మాత్రలో నిర్ణయిస్తారు, అన్నీ ఒకేసారి మింగాలి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆ తర్వాత నాలుగు నెలలు తక్కువ మందులు. మొత్తం ఆరు నెలలు. మొదలుపెట్టకముందే రక్తం తీసి లివర్ పరీక్ష చేశారు. లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 28 వచ్చింది. మామూలుగా 40 వరకు ఉండొచ్చు. ఆ కాగితం ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది.

నారింజ రంగు రిఫాంపిసిన్‌ది. ఆ మందుకే ఇటుక ఎరుపు రంగు ఉంటుంది. శరీరం దాన్ని బయటికి పంపేటప్పుడు మూత్రం, చెమట, లాలాజలం, కన్నీళ్లు అన్నిటికీ ఆ రంగు అంటుతుంది. నా దిండు కవరు మీద కూడా లేత నారింజ మరకలు పడ్డాయి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లకు వాటికి పట్టిన రంగు మళ్లీ పోదు, కాబట్టి చికిత్స అయ్యేదాకా కళ్లజోడే నయం. ఈ రంగు వల్ల కిడ్నీకి గానీ లివర్‌కి గానీ నష్టమేమీ లేదు. మందు కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసిందనడానికి గుర్తు అంతే.

కొన్ని రోజులు గమనించాక ఆ రంగుకు ఒక పద్ధతి ఉందని అర్థమైంది. మాత్ర వేసుకున్న మొదటి కొన్ని గంటల్లో బాగా ముదురుగా ఉండేది. సాయంత్రానికి తేలికపడేది. నీళ్లు బాగా తాగిన రోజు రాత్రికి దాదాపు మామూలు రంగులోకి వచ్చేది. మర్నాడు మాత్ర వేసుకోగానే మళ్లీ మొదలు. ఇలా మందు టైముతో పాటు పెరిగి తగ్గే రంగు అయితే అది రిఫాంపిసిన్ రంగే.

వికారం కూడా మొదటి వారం నుంచే ఉంది. మాత్రలు మింగిన గంటలోపు కడుపులో తిప్పేది, నోరు చేదయ్యేది, ఒకట్రెండు గంటలకు సర్దుకునేది. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ ఖాళీ కడుపున బాగా వంటబడతాయి కాబట్టి పొద్దున్నే పరగడుపున వేసుకోమన్నారు. అలా తట్టుకోలేకపోతున్నానని చెబితే డాక్టర్, "కొంచెం తేలికైన తిండితో వేసుకోండి. కాస్త తక్కువ వంటబట్టినా ఫర్వాలేదు, వాంతయిపోయి మొత్తం పోవడం కంటే అదే మేలు" అన్నారు. మరీ ఇబ్బందైతే రాత్రి పడుకునే ముందుకు మార్చుకోవచ్చనీ చెప్పారు. గ్యాస్‌కి వాడే యాంటాసిడ్ మాత్రం మాత్రలతో కలిపి వేసుకోవద్దన్నారు. అందులోని అల్యూమినియం ఐసోనియాజిడ్‌ను వంటబట్టనివ్వదట. అవసరమైతే టీబీ మందు వేసుకుని కనీసం గంట ఆగాలి.

తిండితో వేసుకోవడం మొదలుపెట్టాక వికారం చాలావరకు తగ్గింది. ఒకసారి తగ్గిందన్న సంగతి ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే నా కథ తిరిగింది అక్కడే.

రెండో నెలలో పడ్డాక వికారం మళ్లీ వచ్చింది, కానీ ఇది పాత వికారం కాదు. మాత్ర వేసుకున్నాక కాదు, వేసుకోకముందే, పొద్దున లేవగానే ఉండేది. రోజంతా వదిలేది కాదు. వంటింట్లోంచి పోపు వాసన వస్తే చాలు డోకు వచ్చేది. రెండు ముద్దలు తినగానే చాలనిపించేది. మెట్లెక్కితే కాళ్లు లాగేసేవి. అంతకుముందు మందుల వల్ల దగ్గు, జ్వరం తగ్గి బరువు కాస్త పెరుగుతున్నాను, అందుకని ఈ నీరసం టీబీది అనుకోవడానికి లేదు. కుడివైపు పక్కటెముకల కింద ఏదో బరువు పెట్టినట్టు ఉండేది, నొప్పి అనలేం.

మూత్రం రంగు అప్పటికి నాకు అలవాటైపోయింది కాబట్టి చూడటమే తక్కువ. ఒక రోజు సాయంత్రం, మామూలుగా తేలికపడే టైములో, ముదురుగా వచ్చింది. నారింజ కాదు, గోధుమ రంగు. చిక్కటి టీ డికాక్షన్ ఎలా ఉంటుందో అలా. పైన నురుగు కూడా పసుపుగా ఉంది. నీళ్లు ఎక్కువ తాగి చూశాను, రాత్రికీ తేలికపడలేదు. ఇదీ అసలు చిక్కు. మందులు వాడని మనిషికి మూత్రం ఈ రంగులో వస్తే అదే పెద్ద హెచ్చరిక. టీబీ మందులు వాడేవాడికి ఆ హెచ్చరిక రిఫాంపిసిన్ రంగు వెనక దాక్కుంటుంది. రంగు ఒక్కటే చూస్తే మోసపోతాం. టైముతో మారుతోందా, రోజంతా ఒకేలా ఉందా అన్నదే చూడాలి.

మర్నాడు పొద్దున మా అక్క నా మొహం చూసి, "ఒరేయ్, ఒకసారి కిటికీ దగ్గరికి రా" అంది. పసుపు వెలుగిచ్చే బల్బు కింద కామెర్లు సరిగా కనపడవు, పగటి వెలుతురులోనే చూడాలి. కింది రెప్పను వేలితో కిందికి లాగి నన్ను పైకి చూడమంది. తెల్లగుడ్డు అంచుల్లో, రెప్ప కింద దాగి ఉండే భాగంలో, లేత పసుపు స్పష్టంగా ఉంది. పక్కన నిలబడి తన కన్ను కూడా అలాగే చూపించింది, పోల్చుకోవడానికి. తేడా అద్దంలోనే తెలిసిపోయింది. రిఫాంపిసిన్ మామూలు డోసులో కన్నీళ్లకు రంగు తెస్తుంది తప్ప తెల్లగుడ్డును పసుపు చేయదు. ఆ వేళ వేసుకోవాల్సిన మాత్రలు డబ్బాలోనే ఉంచేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. డబ్బా కూడా వెంట తీసుకెళ్లాను, ఏ మందు ఎంత అన్నది దాని మీదే ఉంటుంది కాబట్టి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. టీబీ మందులు మన ఇష్టానికి ఆపకూడదని అందరూ చెబుతారు, అది నిజమే. కడుపులో తిప్పిందని, మూత్రం ఎర్రగా వచ్చిందని మానేస్తే టీబీ మళ్లీ తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదం ఉంది. కానీ కళ్లు పచ్చబడటం ఆ నియమానికి మినహాయింపు. అప్పుడు తర్వాతి డోసు ఆపాలి, ఆపి ఇంట్లో కూర్చోకుండా అదే రోజు చూపించుకోవాలి. ఈ రెండో భాగాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. మందు ఆపాను కదా, తగ్గిపోతుందిలే అని వారాల తరబడి ఉండిపోతే ఒక పక్క లివర్, ఇంకో పక్క టీబీ.

డాక్టర్ ముందుగా అడిగినవి: వాంతులు ఆగకుండా అవుతున్నాయా, మత్తుగా, అయోమయంగా ఉంటోందా, ఒంటి మీద ఎక్కడైనా రక్తపు మచ్చలు, చిగుళ్లలో రక్తం ఉన్నాయా? ఇవి ఉంటే లివర్ బాగా దెబ్బతిన్నట్టు, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. నాకు అవేవీ లేవు. మలం రంగు తెల్లబడిందా అనీ అడిగారు. నాకు కాస్త పాలిపోయినట్టే ఉంది, నేను పట్టించుకోలేదంతే. రిఫాంపిసిన్ వల్ల మలం పాలిపోదు, పిత్తం పేగుల్లోకి సరిగా దిగకపోతేనే అలా అవుతుంది. ఆ తర్వాత మద్యం, నాటుమందులు, పారాసెటమాల్ గురించి వివరంగా అడిగారు. జ్వరానికి మొదట్లో పారాసెటమాల్ వాడాను, ఆ మధ్య వాడలేదు.

మూత్రంలో బిలిరుబిన్, అంటే కామెర్లలో పెరిగే పసుపు పదార్థం, ఉందేమో చూసే పుల్ల పరీక్ష ఉంటుంది కదా, అది చేస్తారా అని అడిగాను. రిఫాంపిసిన్ రంగు వల్ల ఆ పుల్ల మీద రంగు సరిగా చదవలేమని, రక్తమే చూడాలని అన్నారు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ఎస్‌జీపీటీ 460. బిలిరుబిన్ 4.1, మామూలుగా అది 1 దాటకూడదు. రక్తం గడ్డకట్టే పరీక్ష మాత్రం సరిగానే ఉంది, డాక్టర్ అన్నిటికంటే ముందు చూసింది ఆ అంకెనే. లివర్ పని చేస్తోందా లేదా అన్నది దానిలోనే తెలుస్తుందట. హెపటైటిస్ వైరస్‌ల కోసం కూడా పరీక్షలు రాశారు. మందులు వాడుతున్నారు కదా, మందులదే తప్పని ఊహించేసుకుంటే అసలు వైరస్ చేతికి చిక్కదు. అవి లేవని తేలింది.

అప్పుడు ఆయన లెక్క ఒకటి చెప్పారు, నాకు చాలా ఉపయోగపడింది. టీబీ మందుల మొదటి వారాల్లో కొంతమందికి ఎస్‌జీపీటీ కొద్దిగా పెరిగి, మందులు వాడుతుండగానే తనంతట తనే దిగిపోతుంది. పెరిగిన ప్రతిసారీ ఆపేస్తే చికిత్స సాగదు. అందుకని ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే మామూలు గరిష్ఠానికి ఐదు రెట్లు దాటినప్పుడు, వికారం, కడుపునొప్పి లాంటివి ఉంటే మూడు రెట్లు దాటినప్పుడు మందులు ఆపుతారు. కామెర్లు కనిపిస్తే ఎలాగూ ఆపుతారు. నాది పది రెట్లు దాటింది, లక్షణాలూ ఉన్నాయి, కామెర్లూ ఉన్నాయి.

నాలుగు మందులూ ఆపేశారు. "ఏదో ఒకటి కదా చేసింది, అది ఒక్కటే ఆపొచ్చుగా?" అని అక్క అడిగింది. నాలుగింటిలో మూడు లివర్‌ను దెబ్బతీయగలవు: పైరజినమైడ్, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్. ఇథాంబుటాల్‌కి ఆ స్వభావం చాలా తక్కువ. మూడింట్లో ఎవరు దోషో చూసి చెప్పే పరీక్ష లేదు. అన్నీ ఒకే మాత్రలో ఉన్నాయి కాబట్టి ఒకదాన్ని విడదీయడమూ కుదరదు.

నా భయమంతా మందులు ఆపిన రోజుల్లో టీబీ మళ్లీ పెరిగిపోతుందేమోనని. నా జబ్బు చిన్న భాగానికే ఉంది, అప్పటికే కొన్ని వారాల మందు పడింది, కాబట్టి లివర్ కోలుకునేదాకా ఆగవచ్చన్నారు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు అలా ఖాళీగా ఉంచరు, ఇథాంబుటాల్, లివోఫ్లాక్సాసిన్ లాంటి లివర్‌కు అంతగా హాని చేయని మందులతో ఈ మధ్యకాలం నడిపిస్తారు. నాకు ఎదురుచూడటమే మందు. ఎస్‌జీపీటీ తర్వాతి పరీక్షలో 310, ఆ తర్వాత 150. వికారం ముందుగా పోయింది, ఆకలి వచ్చింది. కళ్ల పసుపు మాత్రం అన్నిటికంటే చివర్లో పోయింది. ఆ మధ్యలో మూత్రం కొన్నాళ్లకు పూర్తిగా మామూలు రంగులోకి వచ్చింది. రిఫాంపిసిన్ లేదు, కామెర్లు తగ్గాయి, దాచడానికి ఇంకేమీ లేదు.

మళ్లీ మొదలుపెట్టడం గురించి నేను ఊహించింది ఒకటి, జరిగింది ఒకటి. మళ్లీ అదే డబ్బా ఇస్తారనుకున్నాను. ఎస్‌జీపీటీ మామూలు గరిష్ఠానికి రెండు రెట్ల లోపు, అంటే 80 కంటే కిందికి దిగేదాకా ఆగారు. నాది 70కి వచ్చాక విడివిడి మాత్రలు తెప్పించారు. ముందు రిఫాంపిసిన్, దాంతో ఇథాంబుటాల్. మూడింట్లో లివర్‌ను తక్కువగా ఇబ్బంది పెట్టేది, టీబీ మీద బలంగా పనిచేసేది రిఫాంపిసినే కాబట్టి అది ముందు. ఒక వారం చూసి రక్తం తీశారు, 52. అప్పుడు ఐసోనియాజిడ్ కలిపారు. మళ్లీ పరీక్ష, 48. పెరగలేదు. ఒకవేళ ఏదైనా కలపగానే అంకె ఎగబాకినా, వికారం తిరిగొచ్చినా ఆఖరున కలిపిన మందే దోషి అని తేలుతుంది. ఒకదాని తర్వాత ఒకటి కలపడంలో ఉద్దేశం అదే.

రెండు మందులనూ లివర్ ఒప్పుకుంది, పైగా మొదటి దెబ్బ కామెర్ల దాకా వెళ్లింది, కాబట్టి పైరజినమైడ్‌ను ఇక కలపనే లేదు. మళ్లీ ఇచ్చి చూస్తే ఖాయంగా తెలిసేది కదా అని నాలోని మొండివాడు అనుకున్నాడు గానీ, తెలుసుకోవడం కోసం లివర్‌ను పణంగా పెట్టరు. పైరజినమైడ్ ఉంటేనే ఆరు నెలల్లో చికిత్స పూర్తవుతుంది. అది లేకపోతే మొత్తం తొమ్మిది నెలలు. మూడు నెలలు ఎక్కువ అనగానే నీరసం వచ్చింది, నిజం చెప్పాలంటే కామెర్లు వచ్చాయన్నప్పటి కంటే ఎక్కువ.

మళ్లీ మొదలైన రోజునే నారింజ రంగు తిరిగొచ్చింది. ఈసారి పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి రంగు చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. రాత్రికి తేలికపడితే సరే. వారానికోసారి కిటికీ దగ్గర కింది రెప్ప లాగి చూసుకునేవాణ్ణి. మొదట్లో వారం వారం, తర్వాత నెలనెలా లివర్ పరీక్ష చేశారు.

ఈ తొమ్మిది నెలల్లో వచ్చిన మిగతా ఇబ్బందులు చిన్నవే. పైరజినమైడ్ వాడిన రోజుల్లో మడమలు, మోకాళ్లు నొప్పిగా ఉండేవి, రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగడం వల్లట. మందు ఆగగానే పోయాయి. ఆ తర్వాత ఎప్పుడో అరికాళ్లలో తిమ్మిరి, సూదులతో పొడిచినట్టు మొదలైంది. అది ఐసోనియాజిడ్ బీ6 విటమిన్‌ను తగ్గించడం వల్ల వస్తుంది. పైరిడాక్సిన్ మాత్ర రాశారు, తగ్గింది. దీనికి అర్ధరాత్రి పరుగెత్తనక్కర్లేదు, కానీ తర్వాతి చెకప్ దాకా దాచిపెట్టే విషయమూ కాదు. నరాలు ఎక్కువ దెబ్బతింటే కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది.

కంటి చూపు మాత్రం అలా కాదు. ఇథాంబుటాల్ కంటి నరాన్ని దెబ్బతీయగలదు. మొదట కనిపించే మార్పు చూపు మసకబారడం, లేదా ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు కనపడటం. రెండు కళ్లతో చూస్తే ఒకదాని లోపాన్ని ఇంకోటి కప్పేస్తుంది, అందుకని ఒక్కో కన్ను మూసి, రోజూ ఒకే దూరం నుంచి గోడ మీది క్యాలెండర్‌లో చిన్న అక్షరాలు, ఎర్రంకెలు చదవమన్నారు. తేడా అనిపిస్తే ఆ మందు ఆపి అదే రోజు రావాలి. వెంటనే ఆపితే చాలామందిలో చూపు తిరిగొస్తుంది, ఆలస్యమైతే పూర్తిగా రాకపోవచ్చు. ఇథాంబుటాల్ డోసు కిడ్నీలు బయటికి పంపాల్సిందే, కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

అదే రోజు పరుగెత్తాల్సినవి ఇంకొన్ని ఆ నర్స్ మొదట్లోనే చెప్పింది, నాకు రాలేదు కానీ ఆసుపత్రిలో ఒకరికి చూశాను. ఒళ్లంతా దద్దుర్లు, వాటితో జ్వరం, నోట్లోనో కళ్లలోనో పుండ్లు. మామూలు దురదకు అలర్జీ మాత్రతో సరిపోతుంది, చర్మం పొక్కులు లేస్తే, పెదాలు, నోరు పుండుపడితే కాదు. ముఖం, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే అంబులెన్సే పిలవాలి. కాళ్ల మీద ఎర్రటి, నొక్కినా పోని చుక్కలు, ముక్కులోంచి రక్తం వస్తే అది రిఫాంపిసిన్ వల్ల ప్లేట్‌లెట్లు పడిపోవడం కావచ్చు. అలా తేలితే రిఫాంపిసిన్‌ను ఆ మనిషికి మళ్లీ ఎప్పుడూ ఇవ్వరు.

చికిత్స ముగిసిన రోజు డాక్టర్ నా ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాశారు: నాలుగు మందులతో కామెర్లు, ఎస్‌జీపీటీ 460, రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ పడ్డాయి, పైరజినమైడ్ తిరిగి ఇవ్వలేదు. దాని ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోమన్నారు. ఎప్పుడైనా టీబీ తిరగబెడితే, లేదా వేరే ఊళ్లో వేరే డాక్టర్ చూస్తే, మళ్లీ అదే నాలుగింటి డబ్బా చేతిలో పెట్టకుండా ఉండటానికి. అక్క కూడా తన ఫోన్లో ఒకటి ఉంచుకుంది.